గాజు అడ్డుపెడితే గాలి మీద పడే భారం

రెండు లోహపు పలకలను సెంటీమీటరు ఎడంగా ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యలో గాలి తప్ప మరేమీ లేకుండా వోల్టేజి పెంచుకుంటూ పోతే, సుమారు 30 కిలోవోల్టుల దగ్గర గాలి చేతులెత్తేస్తుంది. టప్పుమని నిప్పురవ్వ ఒక పలక నుంచి రెండో పలకకు దూకుతుంది. విద్యుత్తును ఆపడంలో గాలి కన్నా గాజు చాలా గట్టిది. కాబట్టి ఆ సందులో 8 మిల్లీమీటర్ల మందం గాజు పలకను ఒక వైపుకు ఆనించి పెట్టి, మిగిలిన 2 మిల్లీమీటర్లు గాలికి వదిలేస్తే, ఆ ఏర్పాటు ఇంకా ఎక్కువ వోల్టేజిని తట్టుకోవాలి అనిపిస్తుంది. జరిగేది అది కాదు. 12, 13 కిలోవోల్టులకే ఆ సన్నని గాలి సందులో ఊదారంగు వెలుగు కనబడుతుంది. బుసకొట్టినట్టు చిన్న శబ్దం, దానితో పాటు ఓజోన్ ఘాటు వాసన మొదలవుతాయి. (ఇక్కడ చెప్పే వోల్టేజిలన్నీ ఏసీ సరఫరా అందుకునే గరిష్ఠ విలువలు.)

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం ఫిజిక్స్‌లో సమాంతర పలకల కెపాసిటర్ పాఠం చదివినవారికి ఈ లెక్క కొత్తది కాదు. రెండు పొరలను వరసగా కలిపిన రెండు కెపాసిటర్లుగా భావించి సూత్రం వేస్తారు, కెపాసిటెన్స్ వస్తుంది, మార్కులు పడతాయి. కానీ ఏ పొర మీద ఎంత భారం పడిందో ఆ ఒక్క సంఖ్య చెప్పదు. అసలు చూడాల్సింది అక్కడే.

పలకల మీద విద్యుదావేశం చేరగానే మధ్యలో విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలో పడిన గాజులోని అణువులు, అయాన్లు ఒకింత సాగుతాయి. వాటి ధనావేశం ఒక పక్కకు, రుణావేశం మరో పక్కకు కొద్దిగా జరుగుతుంది. గాజు లోపల ఈ జరుగుబాట్లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గాజు పలక రెండు ముఖాల మీద మాత్రం పలచని ఆవేశపు పొరలు మిగిలిపోతాయి. అవి బయటి క్షేత్రానికి ఎదురు నిలిచి, గాజు లోపల క్షేత్రాన్ని తగ్గిస్తాయి. ఎన్ని రెట్లు తగ్గిస్తాయో చెప్పేదే రోధక స్థిరాంకం, K. గాలికి అది దాదాపు 1. మామూలు గాజుకు రకాన్ని బట్టి మారుతుంది, ఈ లెక్కకు 6 అనుకుందాం.

గాలి పొరలో ఈ తగ్గింపు దాదాపు లేదు. పలకల మీద ఎంత ఆవేశం ఉంటే అంత క్షేత్రాన్నీ అది మోయాలి. అందువల్ల రెండు పొరల సరిహద్దులో విడి ఆవేశం ఏదీ చేరనంత వరకు K, E ల లబ్ధం రెండింటిలోనూ ఒకటే: K₁E₁ = K₂E₂. గాలిలో క్షేత్రం గాజులోని దానికి ఆరు రెట్లు ఉంటుంది. ఇక మొత్తం వోల్టేజి రెండు పొరలూ కలిసి పంచుకోవలసిందే: E₁d₁ + E₂d₂ = V. ఈ రెండు సమీకరణాలతో పని అయిపోతుంది.

గాలికి ఇంకా హద్దు దాటని 5 కిలోవోల్టులతో మొదలుపెడదాం. గాజులో క్షేత్రం గాలిలో దానికి ఆరో వంతే కనుక, వోల్టేజి లెక్కలో 8 మిల్లీమీటర్ల గాజు 1.33 మిల్లీమీటర్ల గాలితో సమానం. అసలు గాలి 2 మిల్లీమీటర్లు కలిపితే 3.33. ఐదు కిలోవోల్టులను దానితో భాగిస్తే గాలిలో క్షేత్రం మిల్లీమీటరుకు 1.5 కిలోవోల్టులు వస్తుంది. గాజులో ఆరో వంతు, అంటే 0.25. మందాలతో గుణిస్తే గాలి పొరలో 3 కిలోవోల్టులు, గాజు పొరలో 2 కిలోవోల్టులు పడిపోతాయి. సందులో అయిదో వంతు మందం ఉన్న గాలి, వోల్టేజిలో అయిదింట మూడు వంతులు మోస్తోంది. గాజు లేనప్పుడు ఇదే 5 కిలోవోల్టులకు గాలిలో క్షేత్రం మిల్లీమీటరుకు 0.5 మాత్రమే. గాజు రావడంతో గాలి మీద ఒత్తిడి మూడింతలైంది.

నిల్వ ఉన్న శక్తి కూడా ఇదే దారిన పోతుంది. పలకల వైశాల్యం ఒక చదరపు మీటరు అనుకుంటే వాటి మీద చేరే ఆవేశం సుమారు 13.3 మైక్రోకూలుంబులు. రెండు పొరలకూ ఆవేశం ఒకటే కాబట్టి, ఒక్కో పొరలోని శక్తి ఆవేశంలో సగాన్ని ఆ పొర వోల్టేజితో గుణించినంత. గాలిలో దాదాపు 20 మిల్లీజౌళ్లు, గాజులో 13 మిల్లీజౌళ్లు. శక్తి కూడా వోల్టేజి పంచుకున్న నిష్పత్తిలోనే, 3:2 గా, పంచుకుంది. ఘనపరిమాణం వారీగా చూస్తే తేడా ఇంకా పెద్దది: ప్రతి మిల్లీమీటరు గాలి 10 మిల్లీజౌళ్లు దాచుకుంటే, ప్రతి మిల్లీమీటరు గాజు 1.7 దాకా మాత్రమే దాచుకుంటోంది. రోధక స్థిరాంకం ఎక్కువున్న పదార్థమే ఎక్కువ శక్తిని దాచుకుంటుందన్న మాట ఒకే పదార్థం నింపిన కెపాసిటర్‌కు, ఒకే వోల్టేజి దగ్గర నిజం. ఇలా వరసగా పేర్చిన పొరల్లో అది తిరగబడుతుంది.

గాజు లేనప్పుడు ఈ పలకల మధ్య నిల్వ ఉండేది 11 మిల్లీజౌళ్లు. ఇప్పుడు మొత్తం 33. పెరిగిన శక్తి సరఫరా నుంచి వచ్చింది, ఎందుకంటే వోల్టేజి తగ్గకుండా అది పలకల మీదికి మరింత ఆవేశం తోసింది. ముందే ఆవేశం నింపి, తీగలు విడదీసి, ఆ తర్వాత గాజు దూరిస్తే కథ వేరు. ఆవేశం పెరగడానికి దారి లేదు కాబట్టి గాలిలో క్షేత్రం మునుపటి 0.5 దగ్గరే ఆగిపోతుంది. మొత్తం వోల్టేజి మూడో వంతుకు, 1.67 కిలోవోల్టులకు దిగుతుంది. శక్తి కూడా 11 నుంచి 3.7 మిల్లీజౌళ్లకు తగ్గుతుంది. ఆ తగ్గిన శక్తే గాజు పలకను లోపలికి లాక్కునే బలంగా పని చేస్తుంది. కాబట్టి గాజు చేర్చినప్పుడు గాలికి ముప్పు వచ్చేది సరఫరా కలిపి ఉన్నప్పుడే.

ఇప్పుడు మొదట చెప్పిన వెలుగు దగ్గరికి వద్దాం. గాలి మిల్లీమీటరుకు 3 కిలోవోల్టుల దగ్గర తెగుతుందని అందరూ చెప్పే మాట సెంటీమీటరు పాటి సందుకు సరిపోతుంది. సందు సన్నబడే కొద్దీ గాలి కాస్త ఎక్కువ క్షేత్రాన్ని ఓర్చుకుంటుంది. వేగం పుంజుకుని ఢీకొట్టే ఎలక్ట్రాన్లు గుంపులుగా పెరగడానికి అక్కడ చోటు చాలదు. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ పాషెన్ 1889లో సందుకూ గాలి పీడనానికీ ఈ తెగే వోల్టేజితో ఉన్న సంబంధాన్ని కొలిచి చూపాడు. 2 మిల్లీమీటర్ల సందు సుమారు 7.5 కిలోవోల్టుల దాకా నిలుస్తుంది. మొత్తం వోల్టేజిలో అయిదింట మూడు వంతులు గాలిదే కాబట్టి, 7.5 ని 0.6 తో భాగిస్తే 12.5. గాజు పెట్టకముందు 30 దాకా తట్టుకున్న ఏర్పాటు ఇప్పుడు సగం కూడా తట్టుకోలేదు.

అయితే పలకలు పూర్తిగా షార్టు కావు. గాలి తెగి, ఆవేశం గాజు ముఖం మీదికి వచ్చి పేరుకోగానే సందులో క్షేత్రం పడిపోయి మెరుపు ఆరిపోతుంది. ఏసీ దిశ మారగానే మళ్లీ రాజుకుంటుంది. వెర్నర్ ఫాన్ సీమెన్స్ 1857లో ఈ లోపాన్నే పనికి పెట్టాడు. గాజు గొట్టాల మధ్య సందులోంచి గాలిని పంపి, ఈ మెరుపులతో ఓజోన్ తయారు చేసే పరికరం కట్టాడు. తాగునీటిని శుద్ధి చేసే ఓజోన్ జనరేటర్లు ఇప్పటికీ అదే సూత్రం మీద నడుస్తున్నాయి.

కోరుకోని చోట ఇదే మెరుపు ఇన్సులేషన్‌ను లోపలి నుంచి తినేస్తుంది. ఎపాక్సీ రెసిన్‌తో పోతపోసిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తీసుకుంటే, దాని రెసిన్ రోధక స్థిరాంకం 4 దగ్గర ఉంటుంది. పోతలో గాలిబుడగ చిక్కుకుంటే దాని ఆకారాన్ని బట్టి ప్రమాదం మారుతుంది. గుండ్రటి బుడగలో క్షేత్రం చుట్టుపక్కల కన్నా 1.33 రెట్లు. అదే బుడగ పలకలకు సమాంతరంగా చదునుగా పరుచుకుంటే, అది మన గాలి పొరే, క్షేత్రం నాలుగు రెట్లు. అందుకే రెసిన్ పొరలు విడిపోయి ఏర్పడే సన్నని చీలిక, కంటికి పెద్దగా కనిపించే గుండ్రటి బుడగ కన్నా చెడ్డది. బయటికి ఏమీ కనబడదు. పరీక్షలో వోల్టేజి పెంచుతూ, ఒక్కో మెరుపులో కదిలే ఆవేశాన్ని పికోకూలుంబుల్లో కొలుస్తారు. ఏ వోల్టేజి దగ్గర ఆ పల్స్‌లు మొదలయ్యాయో చూస్తే లోపల ఖాళీ ఉందో లేదో తెలుస్తుంది. పోతను వాక్యూమ్‌లో పోసేది ఈ ఖాళీలు మిగలకుండా ఉండటానికే.

ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్లలో గాలి పాత్ర నూనెది. నూనె రోధక స్థిరాంకం సుమారు 2.2, నూనె పీల్చిన ప్రెస్‌బోర్డుది 4 పైచిలుకు. ఏసీ కింద ఎక్కువ క్షేత్రం పడేది బలహీనమైన నూనె మీదే. సన్నని సందు ఎక్కువ క్షేత్రాన్ని తట్టుకుంటుందన్న సంగతి నూనెకూ వర్తిస్తుంది కనుక, డిజైనర్లు నూనె సందును ప్రెస్‌బోర్డు అడ్డుగోడలతో పలచని దారులుగా విడగొడతారు.

ఈ లెక్కంతటికీ ఒక హద్దు ఉంది. సరిహద్దులో విడి ఆవేశం చేరదన్న షరతు ఏసీకి బాగానే కుదురుతుంది. నిలకడైన డీసీ పెడితే, ప్రతి పొరలోంచి కారే అతి సన్నని కరెంటు కొన్ని సెకన్ల నుంచి గంటల వ్యవధిలో సరిహద్దు మీద ఆవేశాన్ని పేరుస్తుంది. అప్పుడు వోల్టేజిని పంచేది రోధక స్థిరాంకం కాదు, నిరోధకత. ఎక్కువ నిరోధకత ఉన్న పొరకే ఎక్కువ వాటా పోతుంది. గాలి, గాజు జతలో అది గాలికి మరింత కష్టం, దాదాపు మొత్తం వోల్టేజి దాని నెత్తినే పడుతుంది. నూనె, ప్రెస్‌బోర్డు జతలో మాత్రం పంపకం తలకిందులవుతుంది. ప్రెస్‌బోర్డు నిరోధకత ఎక్కువ కాబట్టి డీసీ భారం దాని మీదికి మారిపోతుంది. తూర్పు, దక్షిణ గ్రిడ్లను డీసీ ద్వారా కలిపే విశాఖపట్నం గాజువాక కేంద్రం వంటి చోట్ల కన్వర్టర్ ట్రాన్స్‌ఫార్మర్లు ఏసీ, డీసీ ఒత్తిళ్లు రెండింటినీ ఒకేసారి మోస్తాయి. వాటి ఇన్సులేషన్‌ను లెక్కగట్టేటప్పుడు ప్రతి పొరకూ ఏసీ వాటాను రోధక స్థిరాంకాలతోనూ, డీసీ వాటాను నిరోధకతలతోనూ విడివిడిగా తీసి, రెండింటినీ కలిపి సరిచూస్తారు.