చంకల నలుపు మురికి కాదు

ఎంత రుద్దినా చంకల నలుపు వదలడం లేదా? ముందు రుద్దడం ఆపండి. రాపిడికి చర్మం ఇంకా నల్లబడుతుంది.

వేలితో తడిమి చూడండి. చర్మం మందంగా, మఖమల్ గుడ్డలా తగులుతూ, మెడ వెనక కూడా అలాగే ఉంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని అనుమానించాలి. రక్తంలో ఎక్కువైన ఇన్సులిన్ చర్మకణాలను అతిగా పెంచుతుంది. నెలసరి కూడా తప్పుతుంటే పీసీఓఎస్ కావచ్చు. షుగర్ పరీక్ష చేయించుకోండి. అధిక బరువు తగ్గితే నలుపూ నెమ్మదిగా తగ్గుతుంది.

మెడ మామూలుగానే ఉండి, డియోడరెంట్ రాసినచోట దురద, మంట ఉంటే అలర్జీ కావచ్చు, దాన్ని మానేయండి. గరుకుదనానికి 10 శాతం యూరియా క్రీమ్ రాత్రిపూట రాయవచ్చు. షేవింగ్ చేసిన రోజు మాత్రం మండుతుంది, వద్దు.

నిమ్మరసం, వంటసోడా, స్టెరాయిడ్ కలిసిన ఫెయిర్‌నెస్ క్రీముల జోలికి అసలు పోకండి.