కనుమ వెళ్లాక పంపాల్సిన కబురు

"ప్రియమైన కస్టమర్, మీ ఆర్డర్‌కు ధన్యవాదాలు. దయచేసి మాకు 5 స్టార్ రేటింగ్ ఇవ్వండి. త్వరలో కొత్త ఐటమ్స్!"

సంక్రాంతికి పిండివంటలు తెప్పించుకున్న ఇళ్లకు ఇలాంటి మెసేజ్‌లు పండగ నాడే వచ్చి పడుతుంటాయి. చాలామంది పూర్తిగా చదవకుండానే కిందకు జరిపేస్తారు. ఇందులో కొన్నవాళ్ల పేరు లేదు, ఏం కొన్నారో లేదు, రాబోయేది ఏమిటో కూడా లేదు. ఇదే మెసేజ్‌ను చీరల కొట్టువాళ్లు పంపినా, సెల్‌ఫోన్ కొట్టువాళ్లు పంపినా తేడా తెలియదు. పండగ ఆర్డర్ల తర్వాత పంపే కబురుకు మూడు పనులుంటాయి: కృతజ్ఞత చెప్పడం, అభిప్రాయం అడగడం, వచ్చే కాలానికి ఏం చేయబోతున్నారో చెవిన వేయడం. ఈ మూడూ ఒకదాన్నొకటి తొక్కేయకుండా రాయడమే కష్టం.

ఒక ఉదాహరణ అనుకుందాం. తెనాలిలో చిన్న పిండివంటల దుకాణం. ఊళ్లోవాళ్లు వచ్చి తీసుకెళ్తారు, హైదరాబాదుకూ బెంగళూరుకూ పార్సిళ్లు వెళ్తాయి. నడిపే ఆవిడ ఆర్డర్లన్నీ వాట్సాప్‌లో తీసుకుని, ఒక నోట్‌బుక్కులో రాసుకుంటారు. పేరు, ఏం తీసుకున్నారు, ఎంత, ఏ రోజు పంపారు అన్నవి అందరూ రాసుకునేవే. వాటి పక్కన ఏ రోజు పాకం పట్టినవో కూడా రాసుకుంటే, పండగ తర్వాత ఆ ఒక్క గడే అన్నిటికన్నా అక్కరకొస్తుంది. ఎలాగో తర్వాత చెబుతాను.

ముందు, ఎప్పుడు పంపాలి? భోగి నాడు వద్దు, సంక్రాంతి నాడు అసలే వద్దు. ఆ రెండు రోజులూ ఫోను నిండా శుభాకాంక్షలే. పైగా అరిసెలు ఇంకా డబ్బా మూత తీసి ఉండకపోవచ్చు. కనుమ వెళ్లాక రెండు మూడు రోజులకైతే చుట్టాలు వెళ్లిపోయి ఉంటారు, అరిసె ఎలా ఉందో ఇంట్లో అందరికీ తెలిసి ఉంటుంది. దూరదేశాలకు వెళ్లిన పార్సిలైతే చేరిన తేదీ చూసుకుని ఆ తర్వాతే పంపాలి. ఇంకా చేరని సరుకు మీద అభిప్రాయం అడిగితే కోపం తెప్పించినట్టే.

ఇక రాయడం. తెనాలి ఆవిడ ఇలా రాయవచ్చు, మొదట కొన్నవారి పేరు పెట్టి:

"...గారూ, నమస్కారం. సంక్రాంతికి మా దగ్గర రెండు కిలోల బెల్లం అరిసెలు, కిలో జంతికలు తీసుకున్నారు. పండగపూట మా వంటలు మీ ఇంట పెట్టుకున్నందుకు సంతోషం, ధన్యవాదాలు. అరిసెలు మెత్తగా ఉన్నాయా, గట్టిపడ్డాయా? జంతికలు విరగకుండా చేరాయా? ఎలా ఉంటే అలా ఈ లింకులో రెండు ముక్కలు రాయండి. ఏదైనా పాడైనా, తక్కువ వచ్చినా ఈ నంబరుకు చెప్పండి, సరిచేస్తాం. మామిడి పూత మొదలైంది. కాయ దిగాక ఆవకాయ పెడతాం. ఆ కబురు కావాలంటే 'ఆవకాయ' అని ఒక్క మాట పంపండి."

"ఎలా ఉన్నాయి?" అని ఊరికే అడిగితే "బాగున్నాయి" అనే జవాబు వస్తుంది. అది చదివిన కొత్తవాళ్లకు తెలిసేదేమీ ఉండదు. మెత్తగానా గట్టిగానా అని అడిగితే, "వారం రోజులైనా మెత్తగానే ఉన్నాయి" అని రాస్తారు. దూరం నుంచి కొనేవాళ్లకు కావాల్సిన మాట అదే.

లింకు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో దొరుకుతుంది. రివ్యూలు అడగడానికని అక్కడ ఒక లింకు ఇస్తారు, దాన్ని నొక్కితే నేరుగా రాసే చోటు తెరుచుకుంటుంది. మెసేజ్‌లో ఆ ఒక్క లింకే ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్‌దీ, యూట్యూబ్‌దీ కూడా జోడిస్తే చాలామంది ఏదీ నొక్కరు.

ఇక్కడ చాలామంది తెలియకుండా చేసే పని ఒకటుంది. "బాగుంటే పదిమందికి చెప్పండి, బాగోకపోతే మాకు చెప్పండి" అని మన హోటళ్లలో బోర్డులు చూస్తూనే ఉంటాం. గోడ మీద అది మర్యాదైన మాటే. కానీ రివ్యూ అడిగే మెసేజ్‌లో అదే రాసి, నచ్చినవాళ్లకు మాత్రమే లింకు ఇస్తే గూగుల్ నిబంధనలకు విరుద్ధం. మంచి అభిప్రాయాలను ఏరి అడగకూడదు, చెడ్డవాటిని ఆపకూడదు. రివ్యూ రాస్తే పావుకిలో సున్నుండలు ఉచితమనడమూ కుదరదు. అలాంటి రివ్యూలను గూగుల్ తీసేయవచ్చు. మన దేశంలో కూడా ఆన్‌లైన్ రివ్యూలు సేకరించి ప్రచురించే సంస్థల కోసం 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం వచ్చింది. డబ్బిచ్చి రాయించుకున్న అభిప్రాయాలు కొనేవాళ్లను మోసం చేయకూడదన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి. అందుకే పై మెసేజ్‌లో లింకు అందరికీ ఉంది, ఫిర్యాదు చెప్పే దారీ అందరికీ ఉంది.

ఫిర్యాదు రానే వస్తుంది. "అరిసెలు రాళ్లలా ఉన్నాయి" అని ఒకరు రాశారనుకోండి. పాకం పట్టిన రోజు రాసుకున్న గడి ఇప్పుడు కావాలి. అదే రోజు పాకంలో చేసినవి తీసుకున్న మిగతావాళ్లు కూడా గట్టిగా ఉన్నాయంటే, ఆ రోజు పాకం ముదిరిందో, తడిపిండి ఆరిపోయిందో అని అర్థం. అప్పుడు ఆ రోజువి తీసుకున్న అందరికీ, అడగకముందే ఫోన్ చేసి, డబ్బు వెనక్కి ఇవ్వడమో, మళ్లీ పంపడమో చేయాలి. ఒక్కరికే అలా అయితే డబ్బా మూత సరిగా పెట్టారా, ఫ్రిజ్‌లో పెట్టారా అని నెమ్మదిగా కనుక్కోవచ్చు. రివ్యూ కింద రాసే జవాబులో వాదన పనికిరాదు. ఏం జరిగిందో, ఏం చేశారో రెండు వాక్యాల్లో చెబితే చాలు.

చివరి మూడు వాక్యాల సంగతి. సంక్రాంతికి కోస్తాలో మామిడి పూత కనిపిస్తుంది కాబట్టి ఆ మాట నిజం. ఆవకాయ ధర మాత్రం జనవరిలో ఎవరూ చెప్పలేరు. గుంటూరు యార్డుకు కొత్త మిరప ఇంకా జోరుగా రావాలి. వేసవి గాలివానలకు కాయ ఎంత రాలుతుందో తెలియదు. నువ్వులనూనె రేటు మారవచ్చు. ఇప్పుడే "కిలో ఇంత, మే మొదటివారంలో" అని రాస్తే, తర్వాత ధర పెంచాల్సి వచ్చినప్పుడు మాట పోతుంది. ధర లేదు, తేదీ లేదు, సీసా ఫొటో కూడా లేదు. ధన్యవాదాల కింద సీసా బొమ్మ పెడితే పైనున్న కృతజ్ఞత కూడా ప్రకటనలా కనిపిస్తుంది.

అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ మీద ఆధారపడితే చిక్కు వస్తుంది. మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే అది చేరుతుంది. పండగకు ఒక్కసారి కొన్నవాళ్లు నంబరు దాచుకుని ఉండకపోవచ్చు. చిన్న దుకాణమైతే ఆర్డర్ మాట్లాడుకున్న అదే చాట్‌లో ఒక్కొక్కరికీ పంపడం మేలు. పేరు, తీసుకున్న వంటలు ఎలాగూ మార్చాలి కదా.

'ఆవకాయ' అని జవాబిచ్చినవాళ్ల చాట్‌కు వాట్సాప్ బిజినెస్‌లో ఒక లేబుల్ పెట్టుకుంటే జాబితా తయారైనట్టే. కాయలు కొనబోయే ముందు ఆ జాబితాలోని వాళ్లకే రెండో మెసేజ్ వెళ్తుంది. ఏ రకం కాయ, వెల్లుల్లి వేసిందా వేయనిదా, కిలో ఎంత, ఏ తేదీలోగా చెప్పాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. వాళ్ల జవాబులు కూడితే ఎన్ని కిలోలు పెట్టాలో ముందే తేలుతుంది. జవాబివ్వని వాళ్లకు ఆ మెసేజ్ పంపకూడదు. వాళ్లకు మళ్లీ కబురు పెట్టాల్సింది వచ్చే ధనుర్మాసంలో, అరిసెల ఆర్డర్లు మొదలయ్యేటప్పుడే.