చలానా యాప్ కడుపులో ఏముంది?

వాహనానికి చలానా పడిందంటూ వాట్సాప్‌లో వచ్చే మెసేజ్ వెంట ఒక్కోసారి ఏపీకే ఫైలు కూడా వస్తుంది. రవాణా శాఖ యాప్‌ను పోలిన పేరు, బొమ్మ పెట్టుకుని దేశంలో చాలాచోట్ల తిరుగుతున్న మోసమిది. లారీలు నడిపే ఒక కంపెనీలో డ్రైవర్లకిచ్చిన ఫోన్లకు ఇలాంటి ఫైలు వచ్చిందనుకుంటే, దాన్ని ఎవరూ నొక్కకముందే విప్పి చూడటం ఐటీ విభాగం పని. అందుకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక కంప్యూటరూ, ఉచితంగా దొరికే కొన్ని పనిముట్లూ చాలు.

ఏపీకే నిజానికి ఒక జిప్ ఫైలు. అందులో మానిఫెస్ట్ అనే పత్రం ఉంటుంది. యాప్ కోరే అనుమతులన్నీ అందులో రాసి ఉండాలి. అక్కడ లేనిదాన్ని తర్వాత అడిగినా ఆండ్రాయిడ్ ఇవ్వదు. యాప్‌ను ఎక్కించకుండానే ఆ జాబితాను బయటికి తీయవచ్చు.

```
aapt2 dump permissions challan.apk
```

ఇలాంటి ఫైళ్లలో సాధారణంగా కనిపించేవి `RECEIVE_SMS`, `READ_SMS`, `INTERNET`. విడివిడిగా చూస్తే వీటిలో వింతేమీ లేదు. `INTERNET` సంగతి ఫోన్ యజమానిని అడగరు కూడా, యాప్ ఎక్కగానే వచ్చేస్తుంది. అసలు సంగతి కలయికలో ఉంది. వచ్చిన మెసేజ్‌ను చదవగలిగి, నెట్‌కూ చేరగలిగిన యాప్ బ్యాంకు ఓటీపీని దొంగ చేతికి అందించగలదు. చలానా చూపించడానికి వాహనం నంబరు సరిపోతుంది, మెసేజ్‌లతో పనేముంది? జాబితా ఎంత పొడవుందన్నది కాదు, యాప్ చెప్పుకునే పనికి అది తగినదా అన్నదే చూడాలి.

ఈ జాబితా శుభ్రంగా ఉన్నా రెండుచోట్ల మోసపోవచ్చు. తెరమీద కనిపించేదంతా చదివి, యజమానికి బదులు తానే బటన్లు నొక్కగల యాక్సెసిబిలిటీ సేవ ఈ జాబితాలోకి రాదు. మానిఫెస్ట్‌లో సర్వీసుల దగ్గర `BIND_ACCESSIBILITY_SERVICE` అన్న మాట కోసం వెతకాలి. ఇక రెండోది, పైకి కనిపించే యాప్ ఒట్టి తొడుగు కావడం. అసలు దొంగ యాప్ దాని `assets` ఫోల్డర్‌లో మరో ఫైలుగా దాగి ఉంటుంది. `REQUEST_INSTALL_PACKAGES` కనబడితే ఆ అనుమానం బలపడుతుంది. లోపలి ఫైలును కూడా విడిగా తీసి మొదటి నుంచీ పరీక్షించాల్సిందే.

తర్వాత యాప్ ఎవరితో మాట్లాడుతుందో తేల్చాలి. జేఏడీఎక్స్ అనే పనిముట్టు యాప్ కోడ్‌ను చదవగలిగే రూపంలోకి తెస్తుంది. అందులో `https` అని వెతికితే ఏమీ దొరక్కపోవచ్చు. అంతమాత్రాన సంతోషించనక్కర్లేదు. చిరునామాను బేస్64 అనే పద్ధతిలో మార్చి రాయడం పాత చిట్కా. అలా మార్చినప్పుడు `https://` ఎప్పుడూ `aHR0cHM6Ly` అనే అక్షరాలతోనే మొదలవుతుంది. కాబట్టి దాన్నీ వెతకాలి. అంతకన్నా గట్టిగా దాచి ఉంటే మాత్రం యాప్‌ను నడిపి చూడటమే మార్గం.

నడపడానికి ఎమ్యులేటర్ కావాలి, అంటే కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్. అందులో కంపెనీ ఖాతాలేవీ ఉండకూడదు, అది కంపెనీ నెట్‌వర్క్‌కు తగలకూడదు. యాప్ అడిగినవన్నీ ఇచ్చేసి, ఒక దొంగ ఓటీపీని ఎరగా వేస్తారు.

```
adb emu sms send 5551234 "OTP 482913"
```

ఆ క్షణంలోనే యాప్ `api.telegram.org` చిరునామా కోసం వెతికిందంటే కథ దాదాపు తేలిపోయినట్టే. దొంగిలించిన మెసేజ్‌లను టెలిగ్రామ్ బాట్‌కు పంపడం ఈ మోసగాళ్లలో మామూలు. పేరున్న సేవ కాబట్టి చెడ్డ సైట్ల జాబితాలు దాన్ని పట్టుకోవు. చలానా యాప్‌కు టెలిగ్రామ్‌తో ఏం పని అని మనిషే అడగాలి.

పంపిన సమాచారం లోపల ఏముందో చదవడం ఇంకాస్త కష్టం. మధ్యలో నిలబడి చదివే మిట్మ్‌ప్రాక్సీ వంటి పనిముట్టు తన సర్టిఫికెట్‌ను ఫోన్‌లో పెట్టాలి. కానీ మనం చేర్చిన సర్టిఫికెట్లను ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు మామూలుగా నమ్మవు. ఎమ్యులేటర్‌లో దాన్ని సిస్టమ్ సర్టిఫికెట్ల మధ్య చేర్చుకోవచ్చు. అప్పుడు కూడా కొన్ని యాప్‌లు లొంగవు. అయినా చాలాసార్లు చిరునామా ఒక్కటే తీర్పుకు సరిపోతుంది.

యాప్ మౌనంగా ఉంటే మాత్రం అది నిర్దోషి అని రాసెయ్యకూడదు. ఎమ్యులేటర్‌లో ఉన్నానని పసిగట్టి కదలకుండా కూర్చునేవి ఉన్నాయి. సర్వర్ నుంచి ఆదేశం వచ్చేదాకా ఆగేవీ ఉన్నాయి. అలాంటప్పుడు ఖాళీ చేసిన ఒక పాత ఫోన్‌లో ఎక్కించి, రెండు మూడు రోజులు కనిపెట్టాలి. అనుమతులు పనికి మించి ఉన్నాయన్న ఒక్క కారణంతోనే కంపెనీ ఫోన్లకు వద్దనడమూ తప్పేమీ కాదు.

తిరస్కరించిన ఫైలు హాష్‌ను, అంటే దాని వేలిముద్ర లాంటి సంఖ్యను, నిషేధ జాబితాలో పెట్టి ఊరుకుంటే లాభం కొంతే. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చి మళ్లీ తయారుచేస్తే ఆ సంఖ్య మారిపోతుంది. అందుకే ఫోన్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్‌లో, ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చే ఫైళ్లను అసలు ఎక్కనివ్వకుండా మార్గం మూసేస్తారు.