మాట లేని స్క్రీన్‌షాట్

శనివారం పొద్దున బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ వచ్చి పడింది. పంపింది ఉద్యోగ విరమణ చేసిన బాబాయి. నల్లటి తెర మీద నిటారుగా ఎగబాకిన ఆకుపచ్చ గీత, పైన ఒక కంపెనీ పేరు, పెద్ద అంకెల్లో 1,411. ప్రశ్న లేదు, పలుకు లేదు. ఐదు నిమిషాల్లో ఒకరు బొటనవేలు ఎత్తి చూపారు. "ఎప్పుడు కొన్నావు బాబాయ్?" అని ఇంకొకరు. "ఇంకా పెరుగుతుందంటావా?" అని మరొకరు. ఆ షేరు బాబాయి కొన్నాడో, కొందామనుకుంటున్నాడో, మొన్ననే అమ్మేసి నాలుక కరుచుకున్నాడో ఎవరికీ తెలియదు. బొమ్మలో అది ఉండదు మరి.

బొమ్మలో ఉన్నవి వేరే. అన్నిటికంటే ముందు చూడాల్సింది గీతను కాదు, తెర పైఅంచున ఫోన్ గడియారాన్ని. బాబాయి పంపినదాంట్లో 11:42 అని ఉంది. మన షేర్ మార్కెట్ మామూలుగా ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా నడుస్తుంది. గీత తెర మధ్యకైనా రాకముందే ఆగిపోయిందంటే, మార్కెట్ నడుస్తుండగా తీసిన బొమ్మ అన్నమాట. శనివారం మార్కెట్ ఉండదు కాబట్టి అది శుక్రవారానిదో, అంతకు ముందుదో. గ్రూపులో జనం చూస్తున్న 1,411 ఎప్పటిదో ఒక పూట 11:42కి జరిగిన బేరం తాలూకు ధర. ఆ తర్వాత నాలుగు గంటల కథ బొమ్మకు తెలియదు.

గీత కింద 1D, 5D, 1M, 1Y అని చిన్న బటన్లు ఉంటాయి. రోజు, ఐదు రోజులు, నెల, ఏడాది. బాబాయి బొమ్మలో 1D మీద వెలుగు ఉంది. అంటే ఆ కొండంత ఎక్కుడు రెండున్నర గంటల వ్యవహారం. ఎంత ఎక్కిందో తెలియాలంటే పక్కన నిలువునా ఉన్న అంకెలు చూడాలి. అవి 1,402 దగ్గర మొదలై 1,412 దగ్గర ఆగాయి. అంటే గీత అడుగు నుంచి అంచు దాకా పాకినా, పెరిగింది తొమ్మిది రూపాయలే. నూటికి అరవై నాలుగు పైసలు. ఆ నిలువు గీతను సున్నా నుంచి మొదలుపెట్టి ఉంటే, ధర గీత కుండలో నీళ్లలా మట్టంగా కనిపించేది. ఇందులో మోసం ఏమీ లేదు. ఆ రోజు జరిగిన కదలికంతా తెర నిండా కనపడేలా యాప్ సాగదీస్తుంది, అంతే. కానీ చూసే కన్ను ఎత్తును చూస్తుంది, అంకెను చూడదు.

అదే షేరుకు 1Y నొక్కితే గీత ఎర్రగా మారొచ్చు. ఏడాది కిందట అది 1,800 దగ్గర ఉండి ఉంటే, నేటి 1,411 పెద్ద పతనమే. పొద్దున్నే ఎక్కిన తొమ్మిది రూపాయలు ఆ బొమ్మలో చుక్కంత కూడా ఉండవు. రంగు చెప్పేది ఒక్కటే: ఎంచుకున్న గడువు మొదట్లో ఉన్న ధర కంటే ఇప్పటి ధర ఎక్కువా, తక్కువా అని. రోజు చార్ట్‌లో మాత్రం సాధారణంగా ముందురోజు ముగింపుతో పోలుస్తారు. కంపెనీ మంచిదా కాదా అన్నది రంగుకు పట్టదు.

కొన్ని చార్ట్‌లలో అడుగున పొట్టి కడ్డీలు వరసగా ఉంటాయి. ఎన్ని షేర్లు చేతులు మారాయో అవి చెబుతాయి. కడ్డీ పొడుగ్గా ఉంటే "అందరూ ఎగబడి కొంటున్నారు" అనేవాళ్లు ఉంటారు. కొన్న ప్రతి షేరునూ ఎవరో అమ్మితేనే కదా కొన్నది! పొడుగు కడ్డీకి అర్థం బేరాలు ఎక్కువ జరిగాయనే.

ఇక గుండె గుభేలుమనిపించే బొమ్మ ఒకటుంది. నిన్నటిదాకా పైన ఉన్న గీత ఇవాళ బావిలో పడినట్టు సగానికి దిగిపోతుంది. 2024 అక్టోబరు 25, శుక్రవారం రిలయన్స్ ఇండస్ట్రీస్ షేరు 2,655 రూపాయల దగ్గర ముగిసింది. సోమవారం 28న 1,330ల్లో నడిచింది. కొంప మునిగిందా? లేదు. ఒక షేరుకు మరొక షేరు బోనస్‌గా ఇచ్చారు, ఆ సర్దుబాటు రోజది. శుక్రవారం పది షేర్లున్న వాళ్లకు లెక్క ప్రకారం ఇరవై అయ్యాయి, ఒక్కోదాని విలువ సగమైంది. మొత్తం దాదాపు అంతే. ఇలాంటప్పుడు చాలా యాప్‌లు పాత ధరలన్నిటినీ సగానికి తగ్గించి చార్ట్ తిరగ గీస్తాయి, కాబట్టి ఇప్పుడు చూస్తే అదే శుక్రవారం ధర 1,328 దగ్గర కనిపిస్తుంది. అప్పట్లో తీసి దాచుకున్న స్క్రీన్‌షాట్‌లో మాత్రం 2,655 అలాగే ఉంటుంది. రెండూ నిజమే. ఉన్నట్టుండి గీత సగానికో, అయిదో వంతుకో, పదో వంతుకో కచ్చితంగా తెగిపడితే ముందు బోనస్ గానీ షేరు విభజన గానీ జరిగిందా అని ఎక్స్ఛేంజీ ప్రకటనల్లో వెతకాలి. అక్కడ ఏమీ లేకపోతే అప్పుడు భయపడొచ్చు.

నిజంగా భయపడాల్సిన బొమ్మ హైదరాబాద్‌లోనే పుట్టింది. 2008 డిసెంబరు 17న సత్యం కంప్యూటర్స్ షేరు ఒక్కరోజే మూడో వంతు దాకా కుంగి 158 రూపాయల దగ్గర ఆగింది. ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యం డబ్బుతో కొంటామన్నందుకు మదుపరులు మండిపడ్డారు. ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. 2009 జనవరి 6న షేరు 179.10 దగ్గర ముగిసింది. ఆ సాయంత్రం ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంటే, దెబ్బ తిని లేచి నిలబడ్డ షేరులా కనిపించేది. గీత అబద్ధం చెప్పలేదు. జనం నిజంగానే ఆ ధరకు కొన్నారు, అమ్మారు.

మర్నాడు ఉదయం రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో ఉంది. బాంబే ఎక్స్ఛేంజీలో షేరు 30.70 దాకా జారి, 39.95 దగ్గర ముగిసింది. ముందురోజు ముగింపుతో పోలిస్తే నూటికి 77కు పైగా పోయింది. ఇక్కడ శాతాల లెక్క మనిషిని ఇంకోసారి బోల్తా కొట్టిస్తుంది. 77 శాతం పడ్డది 77 శాతం పెరిగితే పాత చోటికి చేరదు, 70 రూపాయల దగ్గరే ఆగిపోతుంది. 39.95 మళ్లీ 179.10 కావాలంటే దాదాపు 348 శాతం పెరగాలి.

జనవరి 6 నాటి బొమ్మను ఎంత తిప్పి చూసినా ఆ లేఖ జాడ దొరకదు. ధర అనేది బేరమాడేవాళ్లకు తెలిసినదాన్నీ, వాళ్లు నమ్మినదాన్నీ బట్టి కుదురుతుంది. ఖాతాలే తప్పుడువైతే నమ్మకమూ తప్పే, దాన్నిబట్టి గీసిన గీతా అంతే. "ఇంకా పెరుగుతుందంటావా" అన్న ప్రశ్నకు జవాబు ఆకుపచ్చ గీతలో వెతికేవాళ్లు ఆ రోజున కూడా ఉండే ఉంటారు.

2009 ఏప్రిల్‌లో వేలంలో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల లెక్కన సత్యంను గెలుచుకుంది. 2013లో ఆ కంపెనీ టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. పదిహేడు సత్యం షేర్లున్నవారికి రెండు టెక్ మహీంద్రా షేర్లు దక్కాయి. ఇప్పుడు టెక్ మహీంద్రా చార్ట్ తెరిచి ఎంత వెనక్కి జరిపినా వచ్చేది ఆ కంపెనీ పాత ధరలే. 179.10 నుంచి 39.95కు పడిపోయిన గీత అందులో లేదు.