కొట్టులో ధర చీటీ ఎట్లా రాయాలి?

మా వీధి చివర ఒక చిన్న కిరాణా కొట్టు ఉంది. దాన్ని నడిపేది మాకు వరసకు వదిన అవుతుంది. సంఘంలో అప్పు తీసుకుని కొట్టు పెట్టింది. పప్పులు, నూనె, సబ్బులు, టీపొడి, ఉల్లిపాయలు, ఇవే సరుకులు. పొద్దున లేచింది మొదలు "ఇది ఎంత, అది ఎంత" అని అడిగేవాళ్ళకు చెప్పి చెప్పి వదిన గొంతు పోయేది. అందుకని ఒకరోజు కూర్చుని అన్నిటికీ ధర చీటీలు రాసి పెట్టింది.

మూడో రోజే గొడవ వచ్చింది.

కూలికి పోయే ఒక అక్క కొట్టుకు వచ్చింది. చేతిలో 100 రూపాయల నోటు ఉంది. ఇంటికి చుట్టాలు వచ్చారు, పప్పు కావాలి. రాత్రి బడిలో చదువు నేర్చుకున్న మనిషి. ఎవర్నీ అడక్కుండా తానే చీటీ చదువుకుంది. "కందిపప్పు 80" అని ఉంది. "కిలో ఇవ్వు వదినా" అంది. వదిన తూచి, పొట్లం కట్టి, "160" అంది.

"80 అని రాసి ఉంది కదా?"

"అది అరకిలోకి అక్కా!"

వెనక నలుగురు నిలబడి చూస్తున్నారు. ఆ అక్క ముఖం చిన్నబోయింది. పొట్లం బల్ల మీద పెట్టేసి, "సరిగా చదవలేదేమోలే" అని వెళ్ళిపోయింది.

మీరే చెప్పండి. ఆమె తప్పు చదివిందా? లేదు. ఉన్నది ఉన్నట్టే చదివింది. చీటీలోనే సగం మాట లేదు. ఆ కొట్టులో ఎక్కువ మంది అరకిలోనే కొంటారు. అందుకని వదిన అరకిలో ధర రాసింది. అది ఆమెకు తెలుసు, రోజూ వచ్చేవాళ్ళకు తెలుసు. చీటీకి తెలియదు.

ఆ రాత్రి వదినా నేనూ కూర్చుని చీటీలన్నీ మళ్ళీ రాశాం. అప్పుడు తెలుసుకున్న సంగతులే ఇక్కడ చెబుతున్నాను.

ధర పక్కనే కొలత

ధర ఒక్కటే రాస్తే అది సగం చీటీ. ఎంత సరుకుకి ఆ ధర అన్నది కూడా ఉండాలి. అదీ ఏ మూలనో చిన్నగా కాదు, ధరకు ఆనుకునే ఉండాలి. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కదా! అందుకని ముందు కొలత, తర్వాత ధర రాశాం. కందిపప్పు చీటీ ఇట్లా తయారయింది:

కందిపప్పు
కిలో 160
అర కిలో 80, పావు కిలో 40

విడిగా తూచి అమ్మే సరుకు అన్నిటికీ పెద్ద అంకె కిలో ధరే. ఒకదానికి కిలో, ఇంకోదానికి అరకిలో రాస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

పావుకిలో ధర కూడా చీటీ మీద ఉంటే ఇంకో తగువు తీరుతుంది. కిలో 165 అయితే పావు ఎంత? నాలుగుతో భాగిస్తే 41 రూపాయల 25 పైసలు. పావలా ఇప్పుడు చెల్లదు. 41 తీసుకోవాలా, 42 తీసుకోవాలా? ఒకరి దగ్గర 41, ఇంకొకరి దగ్గర 42 తీసుకుంటే ఊరంతా తెలుస్తుంది. 42 చొప్పున నాలుగు పావులు అమ్మితే కిలోకి 168 అవుతుంది, మూడు రూపాయలు ఎక్కువ. 41 చొప్పున అయితే 164, ఒక రూపాయి తక్కువ. వదిన 41 అని రాసింది. "రూపాయి పోతే పోనీ, పదిసార్లు వస్తారు" అంది. అది ఆమె ఇష్టం. ఏదైనా ఒక్కటే రాయాలి, అందరికీ అదే తీసుకోవాలి.

నూనె సంగతి కాస్త జాగ్రత్త. విడి నూనెను కొందరు కిలోల్లో తూస్తారు. ప్యాకెట్లేమో లీటర్లలో వస్తాయి. లీటరు నూనె కిలో తూగదు, సుమారు 910 గ్రాములే తూగుతుంది. కాబట్టి నూనె చీటీ మీద "లీటరు" అనో "కిలో" అనో తప్పకుండా రాయాలి. కొన్ని ప్యాకెట్లు చూడటానికి లీటరు ప్యాకెట్ లాగే ఉంటాయి, లోపల కొంచెం తక్కువ ఉంటుంది. ప్యాకెట్ మీద ఏముందో చూసి అదే చీటీలో దించాలి.

అంకె ఎంత పెద్దగా ఉండాలి?

కొనేవాళ్ళు బల్లకు ఇవతల నిలబడతారు. సరుకు అవతల గోడకు ఉంటుంది. మధ్యలో ఆరేడు అడుగుల దూరం. సాయంత్రం ఒక్క బల్బు వెలుతురు. ముసలివాళ్ళకు చూపు ఆనదు. ఇవన్నీ చూసుకుని ధర అంకెను ఒక అంగుళం ఎత్తు రాశాం. బొటనవేలి పై కణుపు అంత అనుకోండి. సరుకు పేరు, కొలత అందులో సగం ఎత్తు.

బాల్ పెన్నుతో అంగుళం ఎత్తు అంకె రాసినా దూరానికి కనపడదు. గీత సన్నగా ఉంటుంది. స్కెచ్ పెన్ను తడి తగిలితే కారిపోతుంది. వెడల్పు మొన ఉన్న నల్ల మార్కర్ మంచిది. తెల్ల అట్ట మీదగానీ, లేత పసుపు అట్ట మీదగానీ నలుపు బాగా కనపడుతుంది. వదిన మొదట అందంగా ఉంటుందని ఎర్ర కాగితం మీద రాసింది. రాత్రి బల్బు వెలుగులో అక్కడ చీటీ ఉందనే తెలియలేదు.

అట్ట కొనక్కర్లేదు. పాత కేలండర్ వెనక వైపు తెల్లగా ఉంటుంది. దాన్ని బిస్కెట్ల డబ్బా అట్టకు అంటించి, పోస్టుకార్డు అంత ముక్కలు కోశాం. చుట్టూ వేలు వెడల్పు ఖాళీ వదిలాం. అంచుదాకా రాస్తే అక్షరాలు ఇరుక్కుని చదవడం కష్టం. పైన పారదర్శకంగా ఉండే టేపు అంటిస్తే నూనె చేతులు తగిలినా పాడవదు.

అంకెలు 1, 2, 3 అనే రాయండి. నోట్ల మీద, సంచుల మీద ఉండేవి అవే. అయితే చేతిరాతలో 1, 7 ఒకేలా పడతాయి. 1 కి పైన కొక్కెం పెట్టకుండా నిలువు గీత గీయాలి. 0, 6 కూడా అంతే. 0 ను పూర్తిగా మూయాలి, 6 కి తోక పైకి ఉండాలి.

ఇంకో సంగతి. మనం ధర చివర గీత, అడ్డగీత పెడతాం కదా, 45/- అని. ఆ గీత కాస్త నిలువుగా పడితే 451 లాగా కనపడుతుంది. 2010లో వచ్చిన కొత్త రూపాయి గుర్తును చేత్తో గీస్తే ఒక్కోసారి 7 లాగా ఉంటుంది. కొట్టులో అన్నీ రూపాయలే కాబట్టి మేము రెండూ తీసేశాం. అంకె ఒక్కటే ఉంచాం.

రాసిన చీటీ బాగుందో లేదో తెలుసుకోవడం సులువు. గోడకు పెట్టి, బల్ల ఇవతలికి వచ్చి, రాసినవాళ్ళు కాకుండా వేరేవాళ్ళతో చదివించాలి. రాసినవాళ్ళకు ఎప్పుడూ కనపడుతుంది! మేము మా అత్తను పిలిచి చదివించాం. ఆమె తడబడిన నాలుగు చీటీలు చింపి మళ్ళీ రాశాం.

ప్యాకెట్ల లెక్క

ప్యాకెట్ మీద గరిష్ఠ ధర అచ్చు వేసి ఉంటుంది. మనం ఎమ్మార్పీ అంటాం. పన్నులన్నీ అందులోనే ఉంటాయి. దానికన్నా ఎక్కువ తీసుకోకూడదు, తక్కువకు అమ్మవచ్చు. తక్కువ ధర చీటీ ప్యాకెట్‌కే అంటించాలంటే, అచ్చు వేసిన ధర కనపడకుండా కప్పకూడదు. తేదీ మీద కూడా అంటించకండి. అందుకే చీటీని చెక్కబల్ల అంచుకు పెట్టడమే మేలు.

ఒకే సరుకు చిన్న ప్యాకెట్, పెద్ద ప్యాకెట్ ఉంటే ఏది చవక? టీపొడి చూద్దాం. ఈ ధరలు లెక్క కోసం అనుకున్నవి. 250 గ్రాములు 110 రూపాయలు. 100 గ్రాములు 48. చిన్న పొట్లం 8 గ్రాములు 5 రూపాయలు. అన్నిటినీ 100 గ్రాములకు మార్చాలి. 250 లో 100 లు రెండున్నర ఉన్నాయి. 110 ని రెండున్నరతో భాగిస్తే 44. రెండోది ఎలాగూ 48. చిన్న పొట్లాలు 100 గ్రాములు కావాలంటే పన్నెండున్నర కొనాలి. ఒక్కోటి 5 రూపాయలు, మొత్తం 62 రూపాయల 50 పైసలు.

ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద ఈ లెక్క అచ్చు వేసే ఉంటుంది. కాకపోతే కిలోకన్నా చిన్న ప్యాకెట్‌కి ఒక్క గ్రాము ధర వేస్తారు. 0.44, 0.48 అని పైసల్లో ఉంటే చాలామందికి అందదు. అందుకే మేము చీటీ కింద "100 గ్రాములకు 44" అని రాశాం. చిన్న పొట్లం కొనేవాళ్ళు అయినా కొంటారు. చేతిలో 5 రూపాయలే ఉన్నప్పుడు 110 ఎక్కడ తెస్తారు? కానీ తెలిసి కొంటారు.

5 రూపాయల సరుకుతో ఒక తిరకాసు ఉంది. ధర మారదు, లోపల సరుకు తగ్గుతుంది. నిన్న 8 గ్రాములు ఉన్నది కొత్త సరుకులో 7 గ్రాములు ఉండవచ్చు. ధర మారలేదని పాత చీటీ అలాగే ఉంచితే అది తప్పు చీటీ అవుతుంది. కొత్త పెట్టె విప్పినప్పుడల్లా ధర, బరువు రెండూ చూడాలి.

పాత సబ్బు మీద 36, కొత్త సబ్బు మీద 38 ఉంటే? రెండూ ఒకే వరసలో పెట్టకూడదు. పాతవి అయిపోయేదాకా 36 చీటీయే ఉండాలి. పాత సబ్బును 38కి అమ్మడం కుదరదు.

ఎక్కడ పెట్టాలి?

చీటీ సరుకు కిందనే, ఆ వరస మొదట్లో ఉండాలి. రెండు సరుకుల మధ్య పెడితే ఎవరిదో తెలియదు. గోతాలకు చెక్కబల్ల ఉండదు కాబట్టి వెదురు పుల్లకు చీటీ కట్టి బియ్యంలో గుచ్చాం. గోతం మార్చినప్పుడు పుల్ల కూడా మారాలి. ఒకసారి బియ్యం పుల్ల నూకల్లో గుచ్చి వదిన నవ్వులపాలైంది.

ఉల్లి, టమాటా, కోడిగుడ్ల ధరలు రోజూ మారతాయి. వాటికి అట్టలు దండగ. వదిన రాత్రి బడి పలకనే గుమ్మానికి తగిలించింది. పైన తేదీ, కింద ధరలు. తేదీ లేకపోతే నిన్నటి ధర చూపించి ఇవాళ పోట్లాట వస్తుంది. సుద్ద చెరిగిపోతుంది కనుక పిల్లల చేతికి అందనంత ఎత్తులో ఉంచాలి.

పప్పు వదిలి వెళ్ళిన అక్క వారం దాకా కొట్టుకు రాలేదు. వచ్చాక కొత్త చీటీ ముందు నిలబడి, పై నుంచి కిందిదాకా చదివింది. "పావు 40" అని వేలు పెట్టి చూపించి, "రెండు పావులు వేరువేరుగా కట్టు. ఒకటి మా అమ్మకు" అంది. వదిన తూచింది. ఆమె 100 నోటు ఇచ్చి, చిల్లర ఎంత రావాలో తనే చెప్పింది.