78 పదమా, మొత్తమా?

పదో తరగతి శ్రేఢుల పాఠంలో తరచూ కనిపించే లెక్క ఇది: 24, 21, 18, ... అనే అంకశ్రేఢిలో ఎన్ని పదాలను కూడితే మొత్తం 78 అవుతుంది? ఒక విద్యార్థి a = 24, d = −3 అని సరిగ్గానే గుర్తించాడనుకుందాం. ఆ వెంటనే a_n = a + (n − 1)d రాసి, a_n చోట 78 వేశాడు. 24 − 3(n − 1) = 78, కాబట్టి n − 1 = −18, చివరికి n = −17. పదాల సంఖ్య రుణాత్మకం కావడం నచ్చక మైనస్ గుర్తు కొట్టేసి, 'జవాబు: 17 పదాలు' అని గీత గీశాడు.

పేపరు దిద్దేవారు ఈ జవాబు మీద అడ్డంగా ఒక గీత కొట్టి సున్నా వేయడం తేలిక. కానీ వరుస వరుసగా చదివితే −17 వరకు కూడికలో గానీ, భాగహారంలో గానీ ఎక్కడా పొరపాటు లేదు. శ్రేఢిని 24 నుంచి వెనక్కి 27, 30, 33 అంటూ పొడిగించుకుంటూ పోతే, సరిగ్గా 18 అడుగుల వెనక 78 ఉంటుంది. మైనస్ 17 చెబుతున్నది ఆ సంగతే. అంటే విద్యార్థి '78 ఎన్నో పదం?' అనే ప్రశ్నకు లెక్క చేశాడు. అడిగింది మాత్రం ఎన్ని పదాల మొత్తం 78 అని. రెండింటిలోనూ కనుక్కోవలసింది n. అందుకే చెయ్యి అలవాటైన సూత్రం వైపు పోతుంది.

సరైన దారి S_n = n/2 [2a + (n − 1)d]. విలువలు వేస్తే n(51 − 3n) = 156, దాన్ని సర్దితే n² − 17n + 52 = 0. కారణాంకాలు (n − 4)(n − 13). కాబట్టి n = 4 లేదా 13. రెండూ నిజమైన జవాబులే. 24, 21, 18, 15 కూడితే 78. ఆ తర్వాతి తొమ్మిది పదాలు 12 నుంచి −12 దాకా వెళ్తాయి. వాటి మొత్తం సున్నా కనుక 13 పదాలు కూడినా 78 దగ్గరే ఉంటాం.

ఇక మార్కులు. ఇది నాలుగు మార్కుల ప్రశ్న అనుకుందాం. a, d గుర్తించినందుకు ఒకటి, మొత్తం సూత్రంలో విలువలు వేసినందుకు ఒకటి, వర్గసమీకరణం రాబట్టినందుకు ఒకటి, రెండు విలువలూ కనుక్కున్నందుకు ఒకటి. మన విద్యార్థికి దక్కేది మొదటి మార్కే. తర్వాతి లెక్కంతా శుద్ధంగా చేశాడు కదా, ఇంకొకటి వేస్తే ఏం పోయిందని అడిగేవారు ఉంటారు. పక్క పేపరు చూస్తే ఎందుకు వేయకూడదో తెలుస్తుంది. ఆ అమ్మాయి S_n సూత్రమే రాసింది, కానీ −3ను (n − 1)తో గుణించేటప్పుడు −3n + 3 రావాల్సిన చోట −3n − 3 రాసింది. సమీకరణం n² − 15n + 52 = 0 అయి, పూర్ణాంక మూలాలు రాక ఆగిపోయింది. ఆమె జవాబు దాకా చేరలేదు, అయినా రెండు మార్కులకు అర్హురాలు. ప్రశ్న కోరిన దారిలోనే నడిచి ఒక గుర్తు దగ్గర జారింది. మొదటి విద్యార్థి వర్గసమీకరణం దాకా వెళ్లనే లేదు. అతడు చేసింది ఇంకో, సులువైన లెక్క.

ఈ రెండు పనులూ వేరన్నది కొత్త సంగతి కాదు. సా.శ. 499 నాటి ఆర్యభటీయం గణితపాదంలో, మొత్తం తెలిసినప్పుడు పదాల సంఖ్య కనుక్కోవడానికి ఆర్యభటుడు విడిగా ఒక సూత్రం ఇచ్చాడు. అందులో వర్గమూలం తీయాల్సి వస్తుంది.

మార్కు కన్నా విద్యార్థికి పనికొచ్చేది ఎర్ర సిరా మాట. 'సూత్రం తప్పు' అని రాస్తే ఏ సూత్రమో, ఎందుకో తెలియదు. ప్రశ్నలోని 78 కింద గీత గీసి, 'ఇది పదమా, మొత్తమా?' అని రాయాలి. కొట్టేసిన మైనస్ గుర్తు దగ్గర, '17వ పదం ఎంతో చూడు' అని రాస్తే చాలు. అది 24 − 48 = −24. 78కి దానికి సంబంధమే లేదని అతడికే తెలుస్తుంది.

అయితే జవాబు వింతగా రావడం మీదే ఆధారపడితే మోసపోతాం. 1, 3, 5, ... శ్రేఢిలో ఎన్ని పదాల మొత్తం 81 అని అడిగి చూడండి. పదం సూత్రం వాడినవారికి 41 వస్తుంది, 41వ పదం నిజంగానే 81. మొత్తం సూత్రం వాడితే n² = 81, అంటే 9. రెండూ చక్కటి ధన పూర్ణాంకాలే. అందుకే దిద్దిన పేపరు తిరిగి ఇచ్చాక వేయాల్సిన తర్వాతి లెక్క ఇది. తొమ్మిది బేసి సంఖ్యలను వరుసగా రాసి కూడమంటే, తన జవాబు తప్పో ఒప్పో విద్యార్థి తనే తేల్చుకోగలడు.