పదింట తొమ్మిది, ఒకటికి తొమ్మిది

దోసెల పిండికి మా ఇంట్లో కొలత ఒకటికి మూడు. గ్లాసు మినప్పప్పు, మూడు గ్లాసుల బియ్యం. ఇందులో పప్పు ఎంత అని ఎవరైనా అడిగితే రెండు రకాలుగా చెప్పొచ్చు. మొత్తం నాలుగు గ్లాసుల్లో ఒకటి కాబట్టి నాలుగో వంతు, అంటే 0.25. బియ్యం పక్కన పెట్టి చూస్తే మూడో వంతు, అంటే 0.33. రెండూ నిజమే. వంటింట్లో ఈ రెంటినీ ఎవరూ కలగాపులగం చెయ్యరు, చేస్తే తేడా మొదటి దోసెకే తెలిసిపోతుంది. వైద్య పరిశోధనల్లో కూడా సరిగ్గా ఈ రెండు కొలతలే ఉన్నాయి. అక్కడ మాత్రం తరచుగా ఒకదాన్ని ఇంకొకటిగా చదివేస్తుంటారు. 1999లో అమెరికాలో దేశమంతా అలాగే చదివింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో షుల్మన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకి గుండె రక్తనాళాల పరీక్ష, మన వాడుకలో యాంజియోగ్రామ్, రాయాలా వద్దా అన్న నిర్ణయం మీద రోగి రంగు, ఆడా మగా అన్న సంగతి ప్రభావం చూపుతాయా అన్నది ప్రశ్న. ఎనిమిది మంది నటులను రోగులుగా పెట్టి వీడియోలు తీశారు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, ఆడవాళ్లు, మగవాళ్లు, 55 ఏళ్లవాళ్లు, 70 ఏళ్లవాళ్లు. అందరూ అప్పజెప్పిన మాటలు అవే. వాటిని 720 మంది డాక్టర్లకు చూపించి, మీరైతే ఏం చేస్తారని అడిగారు. అసలు చూస్తున్నది జాతి భేదాన్నని వాళ్లకి చెప్పలేదు.

అధ్యయనం సారాంశంలో కనిపించిన అంకె 0.6. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకి, తెల్లవాళ్లతో పోలిస్తే నల్లవాళ్లకి ఆ పరీక్ష రాయడంలో ‘ఆడ్స్ రేషియో’ 0.6 అని ఉంది. విలేఖరులు ఒకటిలోంచి 0.6 తీసేశారు, 0.4 మిగిలింది. ఆడవాళ్లకి, నల్లవాళ్లకి ఈ పరీక్ష రాసే అవకాశం 40 శాతం తక్కువ అని పత్రికల్లోనూ టీవీల్లోనూ వచ్చేసింది. అలా చదివితే, వంద మంది మగవాళ్లకి పరీక్ష రాసినచోట ఆడవాళ్లలో అరవై మందికే రాశారని ఎవరికైనా అర్థమవుతుంది.

అసలు లెక్క ఇదీ. డాక్టర్లు మగవాళ్లలో 90.6 శాతానికి, ఆడవాళ్లలో 84.7 శాతానికి పరీక్ష రాశారు. తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ కూడా ఇవే అంకెలు వచ్చాయి. శాతాలను వెయ్యి మంది చొప్పున మార్చి, అడ్డం రెండు వరసలు, నిలువు రెండు గళ్లుగా వేస్తే ఇలా ఉంటుంది.

| | పరీక్ష రాశారు | రాయలేదు | మొత్తం |
|---|---|---|---|
| ఆడవాళ్లు | 847 | 153 | 1000 |
| మగవాళ్లు | 906 | 94 | 1000 |

మొదటి కొలత ‘రిస్క్’. పేరు చూసి బెదరక్కర్లేదు. మంచి జరిగినా చెడు జరిగినా, మొత్తంలో ఎంతమందికి జరిగిందన్న వాటానే పరిశోధకులు రిస్క్ అంటారు. మన భాషలో ఇది ‘పదింట’, ‘నూటికి’ అని చెప్పే లెక్క. మగవాళ్లలో ఇంచుమించు పదింట తొమ్మిది మందికి రాశారు. ఆడవాళ్ల వాటా 0.847ని మగవాళ్ల వాటా 0.906తో భాగిస్తే 0.93 వస్తుంది. దీన్నే ‘రిలేటివ్ రిస్క్’ అంటారు. అంటే తగ్గింది సుమారు 7 శాతం.

రెండో కొలత ‘ఆడ్స్’, పందేలు కాసేవాళ్ల లెక్క. ఇందులో మొత్తం ఊసే రాదు. రాసినవాళ్లను పైన, రాయనివాళ్లను కింద పెడతాం. మగవాళ్లలో 906కి ఎదురు 94, అంటే ఒకటికి 9.6. ఆడవాళ్లలో 847కి ఎదురు 153, అంటే ఒకటికి 5.5. ఇప్పుడు 5.5ని 9.6తో భాగించండి. 0.57 వస్తుంది, కొంచెం పైకి సవరిస్తే 0.6. అధ్యయనంలో వేసిన అంకె అదే, అందులో తప్పేమీ లేదు. ‘ఒకటికి తొమ్మిది’ అని చెప్పిన మాటను లోకం ‘పదింట తొమ్మిది’గా వింది. అంతే జరిగింది.

ఒకే పట్టికలోంచి 0.93, 0.57 ఎలా వచ్చాయన్నది అసలు చూడాల్సింది. కింది అంకెను గమనించండి. రిస్క్ లెక్కలో రెండు వరసలకీ కింద ఉన్నది వెయ్యి. అది కదలదు. ఆడ్స్‌లో కింద ఉన్నవి 94, 153. పైన 906 నుంచి 847కి దిగడం చిన్న మార్పే. కానీ అలా జారిన 59 మందీ కిందికి వచ్చి చేరారు. కింద ముందున్నది 94 మందే కాబట్టి అక్కడ ఆ 59 పెద్ద గుంపు. పైన తగ్గుదల, కింద పెరుగుదల రెండూ ఒకేవైపు లాగేసరికి నిష్పత్తి బాగా సాగింది.

మళ్లీ దోసెల పిండి దగ్గరికి వద్దాం. అందులో ఒక చెంచా మెంతులు కూడా వేస్తాం. మెంతులను మొత్తం పిండితో పోల్చినా, మెంతులు కాక మిగిలిన పిండితో పోల్చినా తేడా కంటికి ఆనదు. జబ్బు అరుదుగా వచ్చేదైతే జరిగేది ఇదే. వెయ్యి మందిలో ఒకవైపు 10 మందికి, ఇంకోవైపు 20 మందికి వచ్చిందనుకోండి. రిలేటివ్ రిస్క్ 2. ఆడ్స్ కడితే 20కి ఎదురు 980, 10కి ఎదురు 990, వాటి నిష్పత్తి 2.02. ఏది చెప్పినా ఒకటే. అదే వెయ్యిలో 400, 800 అయితే రిలేటివ్ రిస్క్ మళ్లీ 2 దగ్గరే ఉంటుంది, ఆడ్స్ రేషియో మాత్రం 6కి పోతుంది. వాటా నూటికి నూరు దాటలేదు కనుక, 400తో మొదలైన రిలేటివ్ రిస్క్ ఎంత పెరిగినా రెండున్నర దగ్గర ఆగాల్సిందే. ఆడ్స్‌కి ఆ పైకప్పు లేదు. అన్నట్టు, ఇది పెరిగేటప్పుడే కాదు, తగ్గేటప్పుడూ అంతే. ఆడ్స్ రేషియో ఎప్పుడూ ఒకటికి మరింత దూరంగా, అంటే ప్రభావం ఉన్నదానికంటే పెద్దదన్నట్టుగా కనిపిస్తుంది.

మరి ఇన్ని చిక్కులున్న కొలతను ఎందుకు వాడతారు? నేనూ చాలాకాలం ఇది లెక్కల పండితుల పంతమే అనుకున్నాను. కానీ కొన్ని చోట్ల అది తప్ప గతి లేదు. 1950లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం చూశారు. ఆస్పత్రుల్లో ఆ క్యాన్సర్ ఉన్న మగవాళ్లు 649 మందిని, అది లేని మగవాళ్లు మరో 649 మందిని తీసుకుని, పొగతాగే అలవాటు గురించి అడిగారు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో 647 మంది పొగతాగేవాళ్లు, ఇద్దరు కాదు. లేనివాళ్లలో 622 మంది తాగేవాళ్లు, 27 మంది కాదు.

ఇక్కడ రిస్క్ కట్టబోతే ఏమవుతుందో చూడండి. తాగేవాళ్లు మొత్తం 1269 మంది, వాళ్లలో 647 మందికి క్యాన్సర్. అంటే సగం మందికి పైగా! ఊళ్లో పొగతాగేవాళ్లలో సగం మందికి క్యాన్సర్ వస్తుందా? రాదు. రోగులనూ రోగులు కానివాళ్లనూ చెరిసగం ఎంచుకున్నది పరిశోధకులే, ఆ సగం వాళ్ల ఎంపికలోంచి వచ్చింది. ఆ దొంగ రిస్కులతోనే నిష్పత్తి కడితే 7.4 వస్తుంది. క్యాన్సర్ లేనివాళ్లను రెట్టింపు మందిని తీసుకుని, వాళ్లలోనూ అలవాటు అదే పాళ్లలో ఉంటే, అది 9.6 అయిపోతుంది. జబ్బు మారలేదు, పొగ మారలేదు, జవాబు మాత్రం మారింది. ఆడ్స్ రేషియో అలా కాదు. 647ని 27తో, 622ని 2తో హెచ్చవేసి మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 14. రెండో గుంపును రెట్టింపు చేసినా 14 అలాగే నిలుస్తుంది. 1951లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్ అనే అమెరికన్ గణాంక శాస్త్రవేత్త, జబ్బు అరుదైనదైతే ఈ అంకెను రిలేటివ్ రిస్క్‌గా చదువుకోవచ్చని చూపించాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఆ షరతు చెల్లింది. వెయ్యిలో 906 మందికి రాసిన పరీక్షకి చెల్లలేదు.

ఆడ్స్ రేషియో ఒక్కటే ఇచ్చి ఊరుకున్న చోట, పోలిక కోసం పెట్టుకున్న గుంపులో వాటా ఎంతో తెలిస్తే రిలేటివ్ రిస్క్ మనమే రాబట్టుకోవచ్చు. ఆ వాటాని p అనుకుంటే సూత్రం ఇది:

```
RR = OR / (1 - p + p × OR)
```

OR దగ్గర 0.574, p దగ్గర 0.906 వేస్తే కింద 0.614 వస్తుంది, భాగిస్తే 0.93. వయసు, బరువు లాంటివి సర్దుబాటు చేశాక వచ్చిన ఆడ్స్ రేషియోలకి మాత్రం ఈ సూత్రం అంచనా వరకే పనికొస్తుంది, ఖచ్చితం కాదు. p ఎంతో అధ్యయనంలో ఎక్కడా చెప్పకపోతే అసలు ఏమీ చెయ్యలేం.

అదే ఏడాది జూలైలో ష్వార్ట్జ్, వొలోషిన్, వెల్చ్ అనే ముగ్గురు డాక్టర్లు ఆ జర్నల్‌లోనే ఈ లెక్కంతా విడమరిచి చూపించారు. పొరపాటుకు సంపాదకులు తమ బాధ్యత ఒప్పుకున్నారు. ఆ ముగ్గురూ ఇంకో సంగతి బయటపెట్టారు. తెల్ల మగవాళ్లు, నల్ల మగవాళ్లు, తెల్ల ఆడవాళ్లు ముగ్గురికీ పరీక్ష రాసిన శాతం ఒక్కటే, 90.6. నల్లజాతి ఆడవాళ్లకి 78.8. ‘ఆడవాళ్లు’ అన్న 84.7, ‘నల్లవాళ్లు’ అన్న 84.7 రెండూ ఈ ఒక్క గుంపును ఇంకో గుంపుతో కలిపి తీసిన సగటులే.

40 శాతం తప్పు, 7 శాతం సరైనది అని ఇక్కడితో వదిలేస్తే నాకు తృప్తిగా ఉండదు. పట్టికను రెండో గడి వైపు నుంచి చదివి చూడండి. పరీక్ష రాయనివాళ్లు మగవాళ్లలో వెయ్యికి 94, ఆడవాళ్లలో 153. ఇదీ రిలేటివ్ రిస్కే, కానీ ఈసారి 1.63. అంటే పరీక్ష దక్కకపోయే రిస్క్ 63 శాతం ఎక్కువ. రాయడం దగ్గర చూస్తే 7, రాయకపోవడం దగ్గర చూస్తే 63! ఈ విషయంలో ఆడ్స్ రేషియోదే నిలకడ. 0.574ని తిరగేస్తే 1.74, అదే అంకె బోర్లా పడింది, అంతే. అందుకే నేనైతే ఏ నిష్పత్తి కంటే ముందు విడి అంకెలే అడుగుతాను. నల్లజాతి స్త్రీల వరస ఒక్కటే తీసుకుంటే, పరీక్ష రాయనివాళ్లు వెయ్యికి 212 మంది. మిగిలిన మూడు గుంపుల్లోనూ 94.